వాట్సాప్ టైముకే వస్తోంది, మెయిల్ మాత్రం రాత్రికొస్తోంది: ఐఫోన్‌లో అలర్ట్‌ల ఆలస్యాన్ని సరిచేసే పద్ధతి

పలాసలో మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం. ఆర్డర్లు మెయిల్‌లో వస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న ఒక కొనుగోలుదారు పొద్దున్న పదిన్నరకి పంపిన మెయిల్ ఈయన ఫోన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక మోగేది. ఈలోపు ఆ సరుకు ఇంకొకరి దగ్గర కొనేసేవారు. "ఏటిరా ఇది, వాట్సాప్ టంచనుగా వస్తంది, బ్యాంకు మెసేజీ వస్తంది, ఈ మెయిల్‌కే ఏటొచ్చింది?" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

ఇదే ప్రశ్న శ్రీకాకుళంలో, విజయనగరంలో తెలిసినవాళ్లు చాలామంది అడిగారు. యాప్ వేరు, ఫిర్యాదు ఒకటే. అందుకని మావయ్య ఫోన్‌లో చేసిన పనంతా వరసగా రాస్తున్నాను. ఈ వరస మార్చకండి. మధ్యలోంచి మొదలుపెడితే ఏ మార్పు వల్ల బాగుపడిందో తెలియదు.

## 1. ముందు తేల్చుకోవలసింది: మీ అలర్ట్ ఏ దారిన వస్తోంది

ఐఫోన్‌లోకి కొత్త సమాచారం నాలుగు దారుల్లో వస్తుంది. బ్యాటరీ ఆదా కోసం ఫోన్‌లో ఉండే లో పవర్ మోడ్ వీటిలో కొన్నింటినే మూస్తుంది. ఈ సంగతి తెలియకపోతే సెట్టింగ్‌లన్నీ తిరగేసినా ఉపయోగం ఉండదు.

మొదటి దారి, పుష్. వాట్సాప్‌లో మీకు ఎవరైనా మెసేజ్ పెడితే ఆ కంపెనీ సర్వర్ ఆ కబురుని యాపిల్ సర్వర్‌కి అందిస్తుంది. యాపిల్ సర్వర్‌తో మీ ఫోన్ ఎప్పుడూ ఒక కనెక్షన్ తెరిచి ఉంచుకుంటుంది. కబురు అందులోంచి వచ్చి నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. ఇందుకోసం యాప్ లేవనక్కర్లేదు. అందుకే లో పవర్ మోడ్‌లో ఉన్నా, బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ ఆపేసినా ఇది వస్తుంది.

రెండో దారి, యాప్ తానే వెళ్లి తెచ్చుకోవడం. యాప్ మూసి ఉండగా, ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ దాన్ని కాసేపు లేపి, "వెళ్లి కొత్తవేమైనా ఉంటే తెచ్చుకో" అని సుమారు 30 సెకన్లు ఇస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ అంటే ఇదే. ఎప్పుడు లేపాలో యాప్ చేతిలో ఉండదు, ఐఓఎస్ నిర్ణయిస్తుంది. మీరు రోజూ ఎనిమిదింటికి పేపర్ యాప్ తెరిస్తే, అంతకు కొంచెం ముందు దాన్ని లేపే ప్రయత్నం చేస్తుంది. పది రోజులుగా తెరవని యాప్‌ని పెద్దగా పట్టించుకోదు.

ఈ దారికి ఒక చిన్న శాఖ కూడా ఉంది. సర్వర్ స్క్రీన్ మీద ఏమీ చూపించకుండా "లే, కొత్తది ఉంది" అని యాప్‌ని మాత్రమే తట్టే నిశ్శబ్ద పుష్ ఒకటి పంపగలదు. దీన్ని ఐఓఎస్ తక్కువ ప్రాధాన్యంతో చూస్తుంది. గంటకి రెండు మూడు కంటే ఎక్కువ పంపొద్దని యాప్‌లు చేసేవాళ్లకి యాపిల్ చెబుతుంది. బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ ఆపేస్తే ఇది పనిచేయదు.

మూడో దారి, మెయిల్ ఫెచ్. ఫోన్‌తో వచ్చే మెయిల్ యాప్‌లో జీమెయిల్ అకౌంట్ పెట్టుకుంటే పుష్ ఉండదు. ఫోన్ ఇంతసేపటికోసారి వెళ్లి "ఏమైనా వచ్చాయా" అని అడిగి తెచ్చుకుంటుంది. మావయ్య ఇరుక్కున్నది ఇక్కడే.

నాలుగో దారి, ఇంటర్నెట్‌తో పనిలేనివి. అలారం, క్యాలెండర్‌లో ముందే పెట్టుకున్న రిమైండర్, ఎస్సెమ్మెస్, ఫోన్ కాల్. వీటిని లో పవర్ మోడ్ ముట్టుకోదు. ఓటీపీ ఎస్సెమ్మెస్ ఆలస్యమైతే తప్పు సిగ్నల్‌దో, పంపినవాళ్లదో. ఈ సెట్టింగ్‌లలో వెతకకండి.

మీ అలర్ట్ ఏ దారిదో పట్టడానికి ఒక గుర్తుంది. యాప్ తెరిచిన క్షణంలోనే పాత అలర్ట్‌లన్నీ ఒక్కసారి గుంపుగా మోగితే అది రెండో దారి లేదా మూడో దారి. స్క్రీన్ మీద అలర్ట్ టైముకే పడి, దాన్ని నొక్కాక లోపల విషయం లోడ్ కావడానికి పది పదిహేను సెకన్లు పడితే అది మొదటి దారి. ఇలా లోపల లోడ్ కావడం ఆలస్యమైతే మామూలే, కంగారు పడక్కర్లేదు.

## 2. పని మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవలసినవి:

- మెయిల్, వాట్సాప్, ఎస్సెమ్మెస్ పంపడానికి ఇంకో ఫోన్
- టైములు రాసుకోవడానికి కాగితం. గుర్తుంటుందిలే అనుకోకండి, ఉండదు.
- కనీసం 50 శాతం ఛార్జింగ్. 20 శాతానికి దిగితే లో పవర్ మోడ్ పెట్టమని ఫోన్ అడుగుతుంది, పొరపాటున నొక్కితే పరీక్ష పాడవుతుంది.
- రెండు మూడు గంటల తీరిక. పనిచేసేది పది నిమిషాలే, మిగతాదంతా ఎదురుచూడటమే.

`Settings > General > About` లో ఐఓఎస్ వెర్షన్ చూసి రాసుకోండి. ఐఓఎస్ 18 నుంచి మెయిల్ లాంటి యాప్‌ల సెట్టింగ్‌లు `Apps` అనే అరలోకి వెళ్లాయి. పాత వీడియోలు చూసి వెతికేవాళ్లు ఇక్కడే తప్పిపోతారు.

## 3. లో పవర్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి

పైన కుడివైపు బ్యాటరీ బొమ్మ పసుపురంగులో ఉంటే ఆన్‌లో ఉన్నట్టే. ఆపాలంటే `Settings > Battery` లోకి వెళ్లండి. ఐఓఎస్ 26లో అయితే అక్కడ `Power Mode` లోపల ఉంటుంది.

ఈ మోడ్ ఏమేం తగ్గిస్తుందంటే: బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్, మెయిల్ ఫెచ్, ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌లు, ఐక్లౌడ్‌కి ఫోటోలు ఎక్కడం. వీటితోపాటు స్క్రీన్ వెలుగు తగ్గుతుంది, 30 సెకన్లకే లాక్ పడుతుంది, 5జీ వాడకం కూడా చాలావరకు తగ్గుతుంది. మనకి కావలసినవి మొదటి రెండే. రెండో దారి, మూడో దారి రెండూ ఒక్క స్విచ్‌తో మూతపడతాయని గుర్తుంచుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఛార్జింగ్ 80 శాతానికి చేరగానే ఈ మోడ్ దానంతటదే ఆగిపోతుంది. రాత్రి ఫోన్ ఛార్జర్‌కి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఆగిపోయి ఉంటుంది. మావయ్యేమో రోజూ పొద్దున్నే కొట్టుకి వెళ్తూ కంట్రోల్ సెంటర్‌లో మళ్లీ ఆన్ చేసేవాడు. "బ్యాటరీ మిగుల్తాదని ఎవరో చెప్పారు" అన్నాడు. మిగులుతుంది, నిజమే. ఏం పోగొట్టుకుని మిగుల్చుకుంటున్నాడో ఎవరూ చెప్పలేదు.

## 4. బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ సరిచేసుకోవడం

1. ముందు లో పవర్ మోడ్ ఆపండి. అది ఆన్‌లో ఉంటే ఇక్కడి స్విచ్‌లు బూడిదరంగులోకి మారి నొక్కినా కదలవు. ఫోన్ చెడిపోయిందని కంగారు పడేవాళ్లలో సగం మంది సమస్య ఇదే.
2. `Settings > General > Background App Refresh` తెరవండి.
3. పైన ఉన్న మొదటి వరస నొక్కితే మూడు ఎంపికలు కనిపిస్తాయి: `Off`, `Wi-Fi`, `Wi-Fi & Mobile Data`. రోజంతా కొట్టులోనో, బస్సులోనో ఉండేవారు మూడోది పెట్టుకోవాలి. `Wi-Fi` పెట్టి మొబైల్ డేటా మీద తిరిగితే, యాప్ స్విచ్ పచ్చగా కనిపించినా బయట ఉన్నంతసేపూ రిఫ్రెష్ జరగదు.
4. వెనక్కి వచ్చి యాప్‌ల జాబితా చూడండి. నిజంగా కావలసిన నాలుగైదు యాప్‌లకే ఆన్ ఉంచండి.

ఏ యాప్‌కి ఉంచాలన్నదాని మీద నా లెక్క ఇది. వార్తలు, వాతావరణం, లారీ ట్రాకింగ్, ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారో చూపే యాప్‌లు: ఉంచాలి. గేమ్‌లు, షాపింగ్ యాప్‌లు, ఎప్పుడో ఒకసారి వాడిన టికెట్ యాప్‌లు: తీసేయండి. షాపింగ్ యాప్ ఆఫర్ కబురు ఎలాగూ పుష్‌లోనే వచ్చి పడుతుంది, దాన్ని ఈ స్విచ్ ఆపలేదు.

వాట్సాప్‌కి తీసేసినా అలర్ట్‌లు వస్తాయి. కానీ నేను ఉంచమనే చెబుతాను. గ్రూపులు ఎక్కువున్నవారికి యాప్ తెరిచాక పాతవి లోడ్ అయ్యేదాకా ఎదురుచూడటం చిరాకు.

## 5. మెయిల్: అసలు ముడి ఇక్కడుంది

ఐఓఎస్ 18, ఆ పైన ఉన్నవారు `Settings > Apps > Mail > Mail Accounts > Fetch New Data` కి వెళ్లండి. అంతకు ముందు వెర్షన్‌లో `Settings > Mail > Accounts > Fetch New Data`.

పైన `Push` అనే స్విచ్, మధ్యలో మీ అకౌంట్‌లు, అడుగున టైము ఎంపికలు ఉంటాయి. జీమెయిల్ అకౌంట్ మీద నొక్కితే `Fetch`, `Manual` అని రెండే కనిపిస్తాయి, పుష్ ఎంపిక ఉండదు. పైన `Push` స్విచ్ ఆన్‌లో ఉంది కదా అని ధైర్యం పడకండి, అది ఈ అకౌంట్‌కి వర్తించదు.

ఇప్పుడు అడుగున చూడండి: `Automatically`, `Manually`, `Hourly`, `Every 30 Minutes`, `Every 15 Minutes`. ఎక్కువమందికి మొదటిదే ఉంటుంది. పేరు చూస్తే ఫోన్ తనే చూసుకుంటుంది అనిపిస్తుంది. కానీ దాని అర్థం వేరు: ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, వైఫైకి కూడా కనెక్ట్ అయి ఉన్నప్పుడే వెనకనుంచి మెయిల్స్ తెస్తుంది. రెండూ కుదరాలి.

మావయ్య కొట్టులో వైఫై లేదు, ఛార్జర్ పెట్టడు. ఇంటికొచ్చాక ఎనిమిదిన్నరకి ఛార్జర్ పెడతాడు, ఇంట్లో వైఫై ఉంది. అయినా వెంటనే రావు, లో పవర్ మోడ్ ఇంకా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి. గంట పైన ఛార్జ్ అయ్యి 80 శాతం దాటాక మోడ్ ఆగుతుంది. అప్పుడు షరతులన్నీ కుదిరి, పగలంతా వచ్చిన మెయిల్స్ ఒక్కసారి మోగుతాయి. రాత్రి తొమ్మిదిన్నర రహస్యం అదే.

ఇక్కడ రెండు పరిష్కారాలున్నాయి.

మెయిల్ యాప్‌లోనే ఉంటాను అనేవారు `Every 15 Minutes` పెట్టుకోండి. అంతకంటే తొందరగా కుదరదు. బ్యాటరీ కొంత ఎక్కువ ఖర్చవుతుంది. లో పవర్ మోడ్‌లో ఉంటే మాత్రం ఇదీ పనిచేయదు.

మెయిల్ వెంటనే కావాలనేవారు జీమెయిల్ యాప్ పెట్టుకోండి. అది పుష్ వాడుతుంది, అంటే మొదటి దారి. యాప్ సెట్టింగ్‌లలో మీ అకౌంట్ కింద మెయిల్ నోటిఫికేషన్ ఎంపిక ఉంటుంది. అది ప్రైమరీకి మాత్రమే ఉంటే ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడ్డ ఆర్డర్ మోగదు. మీ ఆర్డర్ మెయిల్స్ ఏ ట్యాబ్‌లో పడుతున్నాయో ముందు చూసుకుని ఎంచుకోండి. తర్వాత పాత మెయిల్ యాప్‌కి నోటిఫికేషన్లు ఆపేయండి, లేకపోతే ఒక్కో మెయిల్ రెండుసార్లు మోగుతుంది.

## 6. యాప్‌లు పైకి తోసేసే అలవాటు మానండి

ఖాళీ దొరికినప్పుడల్లా కింద నుంచి పైకి లాగి, తెరిచి ఉన్న యాప్‌లన్నీ వరసగా పైకి తోసేసేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది. శుభ్రం చేశామన్న తృప్తి తప్ప దానివల్ల ఒరిగేది లేదు. పైగా నష్టం.

మీరు చేత్తో తోసేసిన యాప్‌ని "దీన్ని లేపొద్దు" అన్నట్టు ఐఓఎస్ అర్థం చేసుకుంటుంది. మళ్లీ మీరు దాన్ని తెరిచేదాకా బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్ ఉండదు, నిశ్శబ్ద పుష్ కూడా దాన్ని లేపదు. స్క్రీన్ మీద పడే మామూలు పుష్ మాత్రం వస్తుంది. యాప్ బిగుసుకుపోయి కదలకపోతే తోసేయండి, సరే. కానీ వెంటనే ఒకసారి తెరిచి, హోమ్ స్క్రీన్‌కి వచ్చి వదిలేయండి.

## 7. పరీక్ష: ఒక్కసారి ఒక్క మార్పే

ఫోన్ లాక్ చేసి, స్క్రీన్ కిందివైపు ఉండేలా బోర్లించి బల్ల మీద ఉంచండి. ముట్టుకోవద్దు. మెయిల్ యాప్ తెరిస్తే అది అప్పుడే వెళ్లి తెచ్చుకుంటుంది, పరీక్ష చెడుతుంది. రెండో ఫోన్ నుంచి ఒక వాట్సాప్ మెసేజ్, ఒక ఎస్సెమ్మెస్, ఒక మెయిల్ ఒకేసారి పంపండి. మెయిల్ సబ్జెక్టులో పంపిన టైము రాయండి. 40 నిమిషాలు ఆగండి.

మావయ్య కొట్టులో మేం చేసినవి ఇవి. ఛార్జర్ లేదు, మొబైల్ డేటా మీద ఫోన్.

మొదటి విడత, ఉన్నది ఉన్నట్టు. లో పవర్ మోడ్ ఆన్, ఫెచ్ `Automatically`. 10:05కి పంపాను. వాట్సాప్, ఎస్సెమ్మెస్ వెంటనే మోగాయి. మెయిల్ 10:45 దాకా రాలేదు.

రెండో విడత, లో పవర్ మోడ్ ఆపి. ఇంకేమీ మార్చలేదు. 10:50కి పంపాను, 11:30 దాకా రాలేదు. మావయ్య నావైపు చూసి, "నువ్ చెప్పింది తప్పేమోరా" అన్నాడు. తప్పు కాదు. ఛార్జర్, వైఫై రెండూ లేవు కాబట్టి `Automatically` కదలదు. లో పవర్ మోడ్ ఒక్కటే ఆపి "అయినా రావట్లేదు" అని వదిలేసేవాళ్లు ఈ విడత దగ్గరే ఆగిపోతారు.

మూడో విడత, ఫెచ్ `Every 15 Minutes`. 11:35కి పంపింది 11:47కి మోగింది. సరిగ్గా ఎప్పుడన్నది అంతకు ముందు ఫోన్ ఎప్పుడు వెళ్లి చూసిందన్నదాని మీద ఆధారపడుతుంది. మీకు మూడు నిమిషాలకే రావచ్చు, పదిహేనుకి రావచ్చు.

నాలుగో విడత, పదిహేను నిమిషాలే ఉంచి లో పవర్ మోడ్ మళ్లీ ఆన్. 40 నిమిషాలు ఎదురుచూశాం, రాలేదు. టీ తాగొచ్చాం, అప్పటికీ రాలేదు.

ఐదో విడత, జీమెయిల్ యాప్ పెట్టి, లో పవర్ మోడ్ ఆన్‌లోనే ఉంచి. వాట్సాప్ మోగిన వెంటనే మెయిల్ కూడా మోగింది.

రెండో విడత, నాలుగో విడత కలిపి చూస్తే సంగతి తెలుస్తుంది. దారికి రెండు తలుపులున్నాయి, ఏది మూసినా మెయిల్ ఆగుతుంది. ఐదో విడతలో ఆ దారే మార్చేశాం. మావయ్యకి పగలు బ్యాటరీ ఆదా కావాలి, ఆర్డరూ కావాలి. కాబట్టి ఆయనకి ఐదోదే ఖాయం చేశాను.

## 8. లో పవర్ మోడ్‌ని పద్ధతిగా వాడటం

దాన్ని మొత్తం మానేయమని నేను చెప్పను. మన జిల్లాల్లో ఆ మాట చెల్లదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక కరెంటు లేక ఎన్ని రోజులు గడిచాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు 30 శాతం ఛార్జింగ్ అంటే బంగారం.

మామూలు రోజుల్లో చేత్తో ఆన్ చేసి మరిచిపోవడమే సమస్య. ఆ పని ఫోన్‌కే అప్పగించండి:

1. `Shortcuts` యాప్ తెరిచి కింద `Automation` నొక్కండి, `+` నొక్కండి.
2. `Battery Level` ఎంచుకుని `Falls Below` కింద 30 శాతం పెట్టండి.
3. `Run Immediately` ఎంచుకోండి. లేకపోతే ప్రతిసారీ మిమ్మల్ని అడుగుతుంది.
4. `Set Low Power Mode` అనే పని చేర్చి `Turn On` ఉంచండి.
5. ఇలాగే రెండోది చేయండి: `Charger`, `Is Connected`, `Set Low Power Mode`, ఈసారి `Turn Off`.

రెండోది ముఖ్యం. ఇది ఉంటే ఛార్జర్ పెట్టగానే మోడ్ ఆగుతుంది, 80 శాతం దాకా ఆగక్కర్లేదు. ఇంటికొచ్చి ఛార్జర్ పెట్టిన కాసేపటికే మెయిల్స్, ఫోటోలు, వార్తలు కదలడం మొదలవుతాయి.

కరెంటు లేని రోజుల్లో మోడ్ ఆన్‌లోనే ఉంచి ఇలా చేయండి:

- వాతావరణం, వార్తల యాప్‌లని నమ్ముకుని కూర్చోవద్దు. రెండు గంటలకోసారి మీరే తెరిచి చూడండి. యాప్ తెరిచి ఉన్నంతసేపూ ఈ ఆంక్షలేవీ ఉండవు.
- యాప్ తెరవకుండానే హోమ్ స్క్రీన్ మీద సమాచారం చూపే విడ్జెట్‌లో కనిపించే ఉష్ణోగ్రత, వాన సమాచారం పాతది కావచ్చు. నొక్కి లోపలికి వెళ్లి చూశాకే నమ్మండి.
- అత్యవసరమైన కబురు ఎస్సెమ్మెస్‌లో పెట్టమని ఇంట్లోవాళ్లకి చెప్పండి.
- ఇన్వర్టర్ మీద రౌటర్ వెలుగుతున్నా, వీధిలో లైను చచ్చి ఉండొచ్చు. అప్పుడు ఫోన్ వైఫైని పట్టుకునే ఉంటుంది, ఇంటర్నెట్ ఉండదు, ఏ అలర్టూ రాదు. వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి.

ఫోన్ చాలాసేపు సిగ్నల్ లేకుండా ఉంటే పుష్ కబుర్లు యాపిల్ సర్వర్ దగ్గర కొంతకాలం నిలవ ఉంటాయి. కానీ ఒకే యాప్‌కి పది వస్తే పదీ మోగకపోవచ్చు, చివరిది మాత్రమే రావచ్చు. సిగ్నల్ రాగానే ముఖ్యమైన యాప్‌లన్నీ ఒకసారి తెరిచి చూడటం అందుకే.

## 9. ఇవీ కాకపోతే ఇంకెక్కడ చూడాలి

ఇంతవరకూ చెప్పినవన్నీ సరిగా ఉండి కూడా ఆలస్యమవుతుంటే:

- పుష్ కూడా గుంపుగా పొద్దున్న, సాయంత్రం మాత్రమే వస్తోంది: `Settings > Notifications > Scheduled Summary` లో ఆ యాప్ చేరి ఉంటుంది. తీసేయండి.
- మోగదు కానీ తెరిస్తే జాబితాలో ఉంటుంది: అలర్ట్‌లని మోగకుండా ఆపే ఫోకస్ ఆన్‌లో ఉంది. లాక్ స్క్రీన్ మీద చంద్రుడి బొమ్మో, ఇంకో ఫోకస్ బొమ్మో ఉందేమో చూడండి.
- మొబైల్ డేటా మీదే రిఫ్రెష్ జరగదు: `Settings > Mobile Data > Mobile Data Options` లో లో డేటా మోడ్ ఉందేమో చూడండి. లో పవర్ మోడ్‌కి ఇది తోబుట్టువు లాంటిది. బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్‌ని ఆపుతుంది, కానీ బ్యాటరీ బొమ్మ రంగు మారదు కాబట్టి అనుమానం రాదు.
- ఒక్క యాప్‌కే, అదీ బయట ఉన్నప్పుడే లోపల ఏమీ లోడ్ కాదు: `Settings > Mobile Data` లో కిందికి వెళ్తే యాప్‌ల జాబితా ఉంటుంది, అందులో దాని స్విచ్ ఆగి ఉంటుంది.
- ఆఫీసు వైఫైలోనే అలర్ట్‌లు రావు: అక్కడి ఫైర్‌వాల్ యాపిల్ పుష్ వాడే 5223 పోర్ట్‌ని ఆపి ఉండొచ్చు. ఫోన్ 443 పోర్ట్ మీద కూడా ప్రయత్నిస్తుంది, రెండూ మూసుంటే పుష్ రాదు. వైఫై చూసేవారికి ఈ రెండు నంబర్లు చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది.

## 10. అన్నీ సరిచేసినా కుదరనివి

బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ ఆన్ చేసినంత మాత్రాన పావుగంటకోసారి యాప్ అప్‌డేట్ అవుతుందని హామీ లేదు. "ఇంత టైము తర్వాత లేపు" అని యాప్ అడగగలదు, అంతే. ఆ టైముకి ముందు లేపకుండా ఉంటుంది గానీ, సరిగ్గా ఆ టైముకే లేపాలని ఐఓఎస్‌కి నియమం లేదు. హోమ్ స్క్రీన్ విడ్జెట్లకీ లెక్క ఉంది. తరచుగా చూసే విడ్జెట్‌కి రోజుకి సుమారు 40 నుంచి 70 సార్లు అప్‌డేట్ అయ్యే అవకాశం ఇస్తారు. అంటే బాగా చూసేదానికి కూడా పావుగంటకో, గంటకో ఒకసారి. క్రికెట్ స్కోరు విడ్జెట్ ఓవర్ వెనకబడిందని ఫోన్‌ని తిట్టుకోవడం దండగ.

మావయ్య దగ్గర ఇంకో యాప్ మిగిలింది, లారీ ఎక్కడుందో చూపించేది. రిఫ్రెష్ ఆన్ చేశాం, మొబైల్ డేటా ఇచ్చాం, తోసేయడం మాన్పించాం. అయినా "లారీ విజయనగరం దాటింది" అన్న అలర్ట్ ఆయన యాప్ తెరిచాకే మోగుతుంది. మొదట చెప్పిన గుర్తు ప్రకారం ఇది రెండో దారి యాప్. చేసినవాళ్లు దాన్ని పుష్‌కి మార్చితే తప్ప మన సెట్టింగ్‌లతో అయ్యే పని కాదు. ఆ సంగతి వాళ్ల సపోర్ట్‌కి రాసి పెట్టాను. జవాబు వచ్చేదాకా మావయ్య డ్రైవరుకే ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు.